దగ్గు లేని నెమ్ము

చి. లక్ష్మికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ మామగారిని పక్షవాతం తర్వాత ఇంటికి తెచ్చుకున్నారని తెలిసింది. "నెమ్ము చేస్తే దగ్గు, జ్వరం వస్తాయి కదా, అప్పుడు చూసుకుంటాం" అన్నావు ఫోన్లో. ఆ మాట విన్నప్పటి నుంచీ మనసు ఊరుకోక రాస్తున్నాను. మంచం పట్టిన పెద్దవాళ్ళకి ఆ రెండూ రాకుండానే నెమ్ము ముదిరిపోవచ్చు. దగ్గాలంటే ఛాతీ కండరాలకి బలం ఉండాలి, గొంతులో ఏదైనా అడ్డుపడితే తెలియాలి. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఈ రెండూ తగ్గుతాయి. వయసు మీద పడ్డ ఒంట్లో జ్వరం కూడా సరిగా రాదు. ఊపిరితిత్తుల్లో చీము చేరుతున్నా బయటికి కనిపించేది మగత ఒక్కటే కావచ్చు.

ముప్పై ఏళ్ళు వార్డులో నర్సుగా చేసిన నేనే మా అత్తగారి విషయంలో ఒక పగలంతా పోగొట్టాను. తుంటి ఎముక విరిగి ఆవిడ మంచంలోనే ఉండేది. రోజూ ఆరింటికల్లా కాఫీ ఏదని కేకేసే మనిషి ఆ రోజు అడగలేదు. ఇడ్లీ రెండు ముద్దలు పెడితే నమలకుండా బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసేసింది. ఒళ్ళు చల్లగానే ఉంది, థర్మామీటరు 98 చూపించింది. రాత్రి నిద్ర లేదేమోలే అనుకున్నాను. సాయంత్రం నన్ను పట్టుకుని వాళ్ళ అక్క పేరుతో పిలిచింది. అప్పుడు దుప్పటి తీసి ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 32. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా మూసుకుపోయి ఉంది. రెండు రోజుల ముందు పడుకోబెట్టి పాలు పడుతుంటే పొలమారిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అందుకే నీకు అన్నిటికన్నా ముందు ఊపిరి లెక్కపెట్టడం నేర్పాలి. లెక్కపెడుతున్నానని ఆయనకి చెప్పకు, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని పొట్ట వైపు చూడు. పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకు, గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా చూడు. ఆయన కులాసాగా ఉన్న రోజుల్లోనే చూసి క్యాలెండర్ మీద రాస్తూ ఉండు. మామూలుగా 18 ఉండే మనిషికి 25 దాటితే, మగత కూడా ఉంటే, ఆ రోజే డాక్టరు చూడాలి. 30కి చేరినా, పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, తట్టి పిలిచినా సరిగా లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కూడా మంచిదే. చేతులు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది, కాబట్టి వేలు రుద్ది వెచ్చబరచి పెట్టు. గోరింటాకు లేని వేలు చూసుకో. 92 కన్నా తగ్గితే ఆగకు. పాత ఆయాసం జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం అంకె ఎంత ఉండాలో వాళ్ళ డాక్టరునే అడగాలి. ఇంకో మాట, 95 చూపించిందని ధైర్యపడి ఊపిరి లెక్క మానెయ్యకు. మొదట్లో ఒళ్ళు వేగంగా ఊపిరి తీసి ఆ అంకెను నిలబెడుతుంది.

ఆయనకి షుగర్ ఉంది కాబట్టి మగతగా కనిపించగానే చుక్క రక్తంతో షుగర్ కూడా చూడు. అది 70 కన్నా తగ్గినా మనిషి మగతలోకి జారిపోవచ్చు. కానీ మత్తులో ఉన్న మనిషి నోట్లో పంచదార నీళ్ళు పొయ్యకు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108 వాళ్ళకి షుగర్ ఎంతుందో చెబితే నరానికి గ్లూకోజు ఎక్కిస్తారు. ఇదే కారణంగా మందుబిళ్ళలు, కాఫీ, గంజి ఏవీ పట్టకు. వచ్చేవరకూ తల, ఛాతీ ఎత్తుగా పెట్టి ఉంచు. లేవలేనంత మత్తుగా ఉంటే పక్కకి ఒత్తిగిలించు.

మగతకి నెమ్మే కారణమని ఇంట్లో తేల్చలేం. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, మళ్ళీ పక్షవాతం రావడం, కొత్త నిద్రమాత్ర, ఇవన్నీ అలాగే కనిపిస్తాయి. ఏదైనా సరే ఆసుపత్రిలో తేలాల్సిందే. అక్కడ "నీరసంగా ఉన్నారు" అనకు, అలా అంటే సెలైన్ పెట్టి పంపే ప్రమాదం ఉంది. "నిన్న సాయంత్రం మనవడితో మాట్లాడారు, ఇవాళ ఎనిమిదింటి నుంచి మగత, ఊపిరి 28, మొన్న పాలు పొలమారాయి" అని చెప్పు. ఛాతీ ఎక్స్‌రే తియ్యమని అడుగు. మొదటి రోజు ఎక్స్‌రే బాగానే ఉన్నా నెమ్ము లేదని అనుకోకు, ఒక్కోసారి మర్నాడు గానీ కనిపించదు.

రేపటి నుంచి ఆయనకి ఏది పట్టినా కూర్చోబెట్టే పట్టు, తర్వాత అరగంట అలాగే ఉంచు. ఇవాళ ఊపిరి ఎంతుందో లెక్కపెట్టి నాకు ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ