ముందు ఆమెకి నిజం చెప్పండి, తర్వాతే చెయ్యి పట్టు సంగతి

"నాకు 29 ఏళ్లు. మాది రాజాం దగ్గర పల్లె. పెళ్లయి ఏడాదిన్నర. ఇంటర్ హాస్టల్ నుంచీ హస్తప్రయోగం అలవాటు. ఎవరైనా వస్తారేమోనని గట్టిగా బిగించి రెండు మూడు నిమిషాల్లో ముగించేవాణ్ని. ఇప్పుడు భార్యతో అరగంట దాటినా స్కలనం అవదు. అయిపోయినట్టు నటించి, తర్వాత బాత్రూంలో పాత పద్ధతిలో కానిచ్చుకుంటాను. ఆమెకి తెలీదు. పిల్లల్లేరని అమ్మ ఆమెని డాక్టర్ల చుట్టూ తిప్పుతోంది, ట్యూబుల పరీక్ష కూడా చేయించింది. మళ్లీ సంబంధం చూస్తానంటోంది. నా నరాలు చచ్చిపోయాయా? పవరున్న మందు ఏదైనా రాయండి. నాకేటి చెయ్యాలో తెలీడం లేదు." — ఒక సోదరుడు

బాబూ, మందు సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. మీకు పవరు మందు అక్కర్లేదు. మెడికల్ షాపుల్లో ఆ పేరుతో ఇచ్చే సిల్డెనాఫిల్ మాత్ర అంగం గట్టిపడడానికి పనిచేస్తుంది, స్కలనం తెప్పించదు. మీకు గట్టిపడడంలో లోపమే లేదు. అది వేసుకుంటే ఇంకాసేపు సాగొచ్చు, ఆమెకి మంట, నొప్పి మిగులుతాయి. నరాలూ చచ్చిపోలేదు. చచ్చిపోతే బాత్రూంలో మాత్రం ఎలా అవుతుంది?

ఉత్తరంలో నన్ను కదిలించింది వేరే మాట. ట్యూబుల పరీక్షంటే ఏమిటో మీకు తెలుసా? గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే. చాలామందికి కడుపు మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. వీర్యం లోపలికి చేరడమే లేదని ఇంట్లో మీ ఒక్కరికే తెలుసు. తెలిసుండీ ఆ అమ్మాయిని ఆ బల్ల మీద పడుకోబెట్టారు. అత్తగారి మాటలూ ఆమే పడుతోంది. మీ అమ్మగారిని తప్పుపట్టను. కోడలికి గర్భం రాలేదంటే పెద్దావిడ తనకి తెలిసిన దారిలో వెళ్తుంది. అసలు సంగతి దాచి ఆ దారి చూపించింది మీరు. మీ సమస్య మీకూ మీ అంగానికీ మధ్య ఉందనుకుంటున్నారు. అది మీకూ మీ భార్యకీ మధ్య ఉంది. ఆమెకి చెప్పకుండా దీన్ని బాగుచేసుకునే మార్గం ఉంటే చెప్పేదాన్నే. లేదు. ఎందుకు లేదో చదివితే మీకే తెలుస్తుంది.

పదమూడు పద్నాలుగేళ్లుగా మీ శరీరం ఒకే పాఠం నేర్చుకుంది. పొడి చెయ్యి, బిగించిన పిడికిలి, బిగపట్టిన తొడలు, ఆపిన ఊపిరి, తొందర. ఇవన్నీ కలిస్తేనే స్కలనం అని మెదడు రాసిపెట్టుకుంది. యోనిలో ఆ ఒత్తిడి ఉండదు. అక్కడ తడి, వెచ్చదనం, మెత్తటి రాపిడి ఉంటాయి. పిడికిలి ఒత్తిడిలో కొద్ది వంతే అక్కడ దొరుకుతుంది. మీ భార్యలో లోటు ఉందని దీనర్థం కాదు, ఏ స్త్రీతోనైనా మీకు ఇదే జరిగేది. కాబట్టి రెండో సంబంధం మాట అక్కడితో వదిలెయ్యండి. పొడి రాపిడికి చర్మం కూడా కాస్త మొద్దుబారొచ్చు, కొన్ని వారాలు దానికి విశ్రాంతి ఇస్తే చాలావరకు కోలుకుంటుంది. నేర్చుకున్నది మార్చుకోవడానికి మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. మూడు నాలుగు నెలలు అనుకోండి.

మొదలుపెట్టే ముందు రెండు పనులున్నాయి. మొదటిది వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు స్కలనం లేకుండా ఉండి, ల్యాబ్‌లో నమూనా ఇవ్వండి. ఈ ఒక్కసారికి పాత పద్ధతిలోనైనా ఫర్వాలేదు. రెండోది మీరు వాడే మాత్రల లెక్క. ఆందోళనకీ దిగులుకీ రాసే సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి స్కలనాన్ని బాగా ఆలస్యం చేస్తాయి. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా అంతే. అవేమైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. మద్యం అలవాటుంటే సెక్స్ ఉన్న రోజు తాగొద్దు. 'ఎక్కువసేపు' అని రాసి అమ్మే కండోమ్‌లలో చాలావాటికి తిమ్మిరెక్కించే బెంజోకైన్ పూస్తారు, మీకు అవి విషమే.

ఇక మొదటి మూడు వారాలు పాత పద్ధతి పూర్తిగా బంద్. ఫోన్‌లో చూసే వీడియోలు కూడా. సంభోగం కూడా ఈ మూడు వారాలు వద్దు. ఆమెతో దగ్గరగా పడుకోవడం, ముట్టుకోవడం మామూలే. రెండో వారంలో కోరిక తగ్గినట్టు, అంగం చల్లబడినట్టు కొందరికి అనిపిస్తుంది. అది జబ్బు కాదు. నిద్రలో స్కలనం కావచ్చు, అదీ మామూలే. పదో రోజున 'పనిచేస్తోందో లేదో ఒకసారి చూద్దాం' అని పాత పిడికిలికి వెళ్లేవాళ్లే ఎక్కువ. చూడకండి.

నాలుగో వారం నుంచి కొత్త పాఠం. వారానికి రెండు మూడుసార్లు, అంతకంటే వద్దు. తలుపు గడియ వేసి, తొందర లేని వేళ చూసుకుని, వెల్లకిలా పడుకుని మోకాళ్లు కాస్త మడిచి కాళ్లు ఎడంగా పెట్టండి. కాళ్లు చాపి దగ్గరగా పెడితే తొడలు తెలీకుండానే బిగుసుకుంటాయి. మెడికల్ షాపులో నీళ్లతో చేసిన లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది, చెంచాడు చాలు. ఆరితే మళ్లీ రాసుకోండి. ఉమ్మి నిమిషంలో ఆరిపోతుంది, పనికిరాదు. అలవాటైన చెయ్యి కాకుండా రెండో చెయ్యి వాడండి, పాత బిగింపు దానికి రాదు. పట్టు ఎంతుండాలంటే, లేత తాటిముంజెని నీళ్లు చిందకుండా పట్టుకున్నంత. చర్మం లాగబడకూడదు, చెయ్యి దాని మీద జారాలి. అంగం ముందు భాగం కింది వైపు, చర్మం అతుక్కున్న చోట స్పర్శ ఎక్కువ. చేతివేళ్లు అక్కడ నెమ్మదిగా తిరగాలి.

మొదటి రోజుల్లో ఏమీ తెలీదు. గట్టిపడిన అంగం మెత్తబడొచ్చు కూడా. రేడియో సౌండ్ తగ్గిస్తే కాసేపటికి చెవి సర్దుకుంటుంది చూడండి, ఇదీ అలాగే సర్దుకుంటుందని ఓపికగా ఉండండి. ఒక్కసారిగా అంత తేలిక పట్టుకి దిగడం కష్టమైతే, పాత బిగింపు పదికి తొమ్మిది అనుకుని వారానికి ఒకటో రెండో తగ్గించుకుంటూ మూడు దగ్గర ఆగండి. ఖాళీగా ఉన్న అరచెయ్యి పొట్ట మీద వేసి చూసుకోండి. పొట్ట రాయిలా ఉంటే ఊపిరి బిగబట్టారని అర్థం. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ, మూత్రం మొదలుపెట్టేటప్పుడు కింద వదులు చేసినట్టు వదులు చెయ్యండి. పిరుదులు, తొడలు బిగించి స్కలనాన్ని 'నెట్టడం' మీ పాత పాఠంలో సగం.

ఈ కొత్త పాఠంలో జనం ఎక్కువగా ఓడిపోయేది ఒక చోట. ఇరవై నిమిషాలు తేలిగ్గా చేసి, రావట్లేదని విసిగి చివరి అర నిమిషం పాత పిడికిలి బిగిస్తారు. అప్పుడు మెదడు గుర్తుపెట్టుకునేది ఆ చివరి అర నిమిషమే. ఇరవై నిమిషాల శ్రమా వృథా. అందుకని గట్టి నియమం పెట్టుకోండి. ఇరవై అయిదు నిమిషాల్లో కాకపోతే ఆపి లేచిపోవడమే. ఆ పూటకి స్కలనం లేదు, అంతే. రెండు రోజుల తర్వాత మళ్లీ. ఎప్పుడైనా జారి పాత పట్టుకి వెళ్లిపోతే నేర్చుకున్నదంతా పోదు, ఒక వారం వెనక్కి జరిగి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

తేలిక పట్టుతో, రెండో చేత్తో, పదిహేను నిమిషాల లోపు వరసగా నాలుగైదుసార్లు అయిందంటే తర్వాతి మెట్టుకి సిద్ధమైనట్టు. ఆ మెట్టు మీ భార్య. మొదట జెల్‌తో ఆమె చెయ్యి. ఎంత నెమ్మదిగా, ఎక్కడ అని మీరు ఆమె చేతి మీద చెయ్యి వేసి చూపించాలి. అది బాగా అలవాటయ్యాక, స్కలనం పదికి ఎనిమిది వంతులు దగ్గరికి వచ్చిందనిపించినప్పుడు లోపలికి ప్రవేశించి అక్కడ ముగించడం. మొదట్లో ప్రవేశం దగ్గరే అయిపోయినా అది గెలుపే. ఒక్కొక్క మెట్టుకీ రెండు మూడు వారాలు ఇవ్వండి. సంభోగం పదిహేను నిమిషాలు దాటనివ్వకండి, దాటితే ఆపి చెప్పండి: "ఈ రోజు అవలేదు." ఈ మూడు మాటలు పైకి అనగలిగితే నటించాల్సిన అవసరమే పోతుంది. నటిస్తున్నంత కాలం మీరు స్కలనం మీద నిఘా పెట్టి పడుకుంటారు, ఆ నిఘాలో ఒంటికి సుఖం తెలీదు. ఆమెకి తెలియకుండా కుదరదన్నది ఇందుకే.

కొబ్బరినూనె ఇంట్లో ఉంది కదా అంటారు. కండోమ్ లేనప్పుడు అది చర్మానికి ఇబ్బంది చెయ్యదు, కండోమ్ ఉంటే మాత్రం రబ్బరు చిరుగుతుంది. మామూలు జెల్‌లు వీర్యకణాల కదలికని తగ్గిస్తాయి. పిల్లల కోసం ప్రయత్నించే రోజుల్లో ఎంత తక్కువైతే అంత మంచిది, లేదా అందుకోసమే చేసిన రకం డాక్టర్‌ని అడగండి. తొందరుంటే సేకరించిన వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది.

నాలుగు నెలలకీ మార్పు లేకపోతే యూరాలజిస్ట్‌ని కలవాలి. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. షుగర్, థైరాయిడ్, పొద్దున పూట తీసే టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్ పరీక్షలు అడుగుతారు. ఒంటరిగా కూడా స్కలనం ఆగిపోయినా, సుఖం తెలిసి వీర్యం రాక తర్వాత మూత్రం మసకగా కనిపించినా నాలుగు నెలలు ఆగకండి. మర్మాంగాల చుట్టూ తిమ్మిరెక్కి మూత్రం, విరేచనం పట్టు తప్పితే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఆమెకి ఎలా చెప్పాలంటారా? పొలం గట్టు మీదో, బండి మీద ఇద్దరే వెళ్తున్నప్పుడో, అమ్మగారు వినని చోట. "నీలో ఏ లోపమూ లేదు. ఇన్నాళ్లూ నాకు అవడం లేదు, అయినట్టు నటించాను. నీకు ఆ పరీక్షలు చేయించనిచ్చాను, తప్పు నాది." ఆ తర్వాత సర్దిచెప్పకండి. ఆమె ఏడ్చినా, రెండు రోజులు మాట్లాడకపోయినా ఆమెకి ఆ హక్కుంది. మీ అమ్మగారికి పడకగది సంగతులు అక్కర్లేదు. "పరీక్షలు ఇప్పుడు నాకు జరుగుతున్నాయి, కోడల్ని ఇంక ఎక్కడికీ తీసుకెళ్లొద్దు" అని మీ నోటితో, మీ భార్య పక్కనుండగా చెప్పండి. ఈ వారంలోనే.