ఫుటింగ్ గుంతలో నీళ్లు ఊరుతుంటే కాంక్రీట్ ఎలా పోయాలి?

ప్రశ్న: తిరుపతిలో స్వర్ణముఖి వైపు ఇల్లు కడుతున్నాం. ఆరడుగుల గుంత తీస్తే నాలుగడుగులకే నీళ్లు పడ్డాయి. మోటారుతో తోడుతూనే కాంక్రీట్ పోసేద్దామని మేస్త్రీ అంటున్నాడు. పర్వాలేదా?

జవాబు: తోడుతూ పోయడంలో తప్పు లేదు, ఎక్కడి నుంచి తోడుతున్నారన్నదే అసలు సంగతి. పైపు ఫుటింగ్ మధ్యలో పెడితే నీళ్లతో పాటు సిమెంటు పాలు కూడా బయటికి పోతాయి. పైన నున్నగా కనిపించినా అడుగున జల్లి, ఇసుక విడివిడిగా మిగులుతాయి. మోటారు నుంచి వచ్చే నీళ్లు బూడిద రంగుకి తిరిగాయంటే సిమెంటు పోతున్నట్టే, అక్కడే ఆపేయండి.

గుంతను ఫుటింగ్ కంటే ఒక్కో వైపు రెండడుగులు ఎక్కువ తీయించండి. ఒక మూల, ఫుటింగ్ హద్దుకు బయట, అడుగు మట్టం కంటే రెండడుగులు లోతుగా ఊట గుంత తవ్వించండి. అందులో చిల్లులు పెట్టిన డ్రమ్ము దించి చుట్టూ 20 ఎంఎం జల్లి నింపాలి, పంపు ఆ డ్రమ్ములోనే ఉండాలి. గుంత అంచుల వెంబడి సన్నని కాలువ తీసి దాన్ని ఊట గుంతకి కలపండి. తోడిన నీళ్లు దూరంగా మురుగు కాలువలోకి పోవాలి, పక్కనే వదిలితే అవే తిరిగి ఊరతాయి.

ఏ పంపు కావాలో ఇలా లెక్క కట్టండి. నీళ్లు గుంత అడుగు దాకా తోడేసి మోటారు ఆపండి. ఆరడుగుల చదరపు గుంతలో పది నిమిషాలకు మూడంగుళాలు పెరిగితే అది 9 ఘనపుటడుగులు, అంటే నిమిషానికి పాతిక లీటర్లు. దానికి 1 హెచ్‌పీ మడ్ పంపు చాలు. కరెంటు పోతే ఆదుకోవడానికి డీజిల్ పంపు మాత్రం దగ్గర ఉంచుకోండి.

అసలు భయం ఇసుకతోనే. తోడిన నీళ్లు బక్కెట్‌లో పట్టి కాసేపు ఆగి చూడండి. అడుగున ఇసుక పేరుతూనే ఉంటే నేల లోపల డొల్ల పడుతోందన్న మాట, పక్కింటి గోడ కుంగొచ్చు. గుంత అడుగున ఇసుక బుడబుడమని పైకి ఉబుకుతుంటే వెంటనే మోటారు ఆపి, మనుషుల్ని పైకి రప్పించి, నీళ్లు పెరగనివ్వండి. ఆ నీటి బరువే అడుగును అదిమి పెడుతుంది. అలాంటి చోట గుంత లోపల తోడకూడదు. చుట్టూ ఫిల్టర్ బోర్లు వేసి బయటి నుంచే నీటి మట్టం దించాలి, అది ఇంజనీరు చూడాల్సిన పని. తడి ఇసుక నేలలో నిలువు గోడలు కూడా నమ్మొద్దు, వాలుగా కోయించండి, తవ్విన మట్టి అంచుకు దూరంగా పోయించండి.

చివరి ఆరంగుళాలు జేసీబీతో కాదు, పీసీసీ, అంటే ఫుటింగ్ కింద వేసే కంబీ లేని కాంక్రీట్ పొర, వేసే రోజే పారలతో తీయించండి. ముందే తీస్తే తొక్కుడికి బురదైపోతుంది. 12 ఎంఎం కంబీ చేత్తో నొక్కితే సులువుగా దిగిపోయే చోట మెత్తమట్టి తీసేసి, 40 ఎంఎం జల్లి ఆరంగుళాలు దిమ్మిస కొట్టించి, దాని మీద నాలుగంగుళాల పీసీసీ వేయండి.

ఫుటింగ్ పోసేటప్పుడు నీటి మట్టం గుంత అడుగుభాగం కంటే కనీసం పన్నెండు అంగుళాలు కిందే ఉండాలి. పోయడం అయిపోగానే పంపు కట్టేయడం ఇక్కడ తరచూ చూస్తుంటాను, పచ్చి కాంక్రీట్‌లోకి కింది నుంచి ఊట ఎక్కేది అప్పుడే. 24 గంటలు ఊట గుంతలో పంపు నడవాలి. ఆ తర్వాత నీళ్లు నిలిచినా నష్టం లేదు, క్యూరింగ్‌కి పనికొస్తాయి.