ఎల్లుండే వైవా: పవర్‌పాయింటా, గూగుల్ స్లైడ్సా, కాన్వానా?

ప్రశ్న: సార్, నేను బీకాం రెండో సంవత్సరం. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో మా ఊళ్లో డ్వాక్రా సంఘాల పొదుపు మీద 40 ఇళ్లు సర్వే చేశాం. ఎల్లుండి పది నిమిషాలు పీపీటీతో చెప్పాలి. ఇంతవరకూ ఒక్క స్లైడ్ చేయలేదు. అన్నయ్య ల్యాప్‌టాప్‌లో పవర్‌పాయింట్ తెరిస్తే యాక్టివేషన్ అడుగుతోంది. ఫ్రెండ్స్ కాన్వా అంటున్నారు, సీనియర్లు గూగుల్ స్లైడ్స్ అంటున్నారు. ముగ్గురం కలిసి చేయాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏది వాడమంటారు?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: గూగుల్ స్లైడ్స్‌లో తయారు చేయండమ్మా. వైవా రోజు తెరవడానికి మాత్రం దాన్ని పవర్‌పాయింట్ ఫైలుగా, పీడీఎఫ్‌గా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. కాన్వాను ఈసారికి పక్కన పెట్టండి.

ఎందుకో చెప్పేముందు ఒక పని. రేపు కాలేజీకి వెళ్లగానే వైవా జరిగే గదిలోకి ఒకసారి వెళ్లి రండి. ప్రొజెక్టర్‌కు తగిలించిన కంప్యూటర్‌లో పవర్‌పాయింట్ ఉందా, నెట్ వస్తుందా, పెన్‌డ్రైవ్ పెట్టనిస్తారా అని ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న చర్చ కంటే ఈ మూడు జవాబులే మీకు ఎక్కువ ఉపయోగం. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి కాన్వాలో చాలా అందంగా చేసుకుని, లింకు మాత్రమే పట్టుకెళ్లాడు. ఆ గదిలో నెట్ లేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి లాగిన్ అయ్యేసరికే అతనికిచ్చిన సమయం సగం అయిపోయింది.

అన్నయ్య ల్యాప్‌టాప్ సంగతి. యాక్టివేషన్ లేని పవర్‌పాయింట్ ఫైలు తెరిచి చూపిస్తుంది, మార్చనివ్వదు. అంటే అది మీకు తయారీకి పనికిరాదు గానీ, ఇంట్లో ఫైలు సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చూసుకోవడానికి పనికొస్తుంది. క్రాక్ వెర్షన్ వేయిస్తానని ఎవరైనా అంటే వద్దనండి, రెండు రోజుల ముందు వైరస్ తెచ్చుకోవడం తప్ప లాభం లేదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తీసుకుంటే బ్రౌజర్‌లో పవర్‌పాయింట్ ఉచితంగానే వస్తుంది, అదీ మంచిదే. కానీ మీ ముగ్గురి ఫోన్లలో జీమెయిల్ ఎలాగూ ఉంటుంది. కొత్త అకౌంట్లు, పాస్‌వర్డ్‌ల గొడవ ఇప్పుడెందుకు?

బ్రౌజర్‌లో slides.new అని టైప్ చేస్తే ఖాళీ ప్రెజెంటేషన్ తెరుచుకుంటుంది. ముందు File మెనూలో Page setup చూడండి. మామూలుగా 16:9 ఉంటుంది. కాలేజీ ప్రొజెక్టర్ పాతదై తెర చదరానికి దగ్గరగా ఉంటే 4:3 పెట్టుకోండి. ఇది మొదట్లోనే చేయాలి. స్లైడ్లన్నీ అయ్యాక మారిస్తే అక్షరాలు, బొమ్మలు అటూ ఇటూ జరిగిపోతాయి. తర్వాత Share నొక్కి మిగతా ఇద్దరి మెయిల్ ఐడీలు Editor గా పెట్టండి. ముగ్గురూ ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఒకే ఫైలులో పని చేయవచ్చు. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ అంటూ వాట్సాప్‌లో ఫైళ్లు తిప్పుకునే బాధ ఉండదు. ఎవరైనా పొరపాటున ఒక స్లైడ్ చెరిపేసినా File లోని Version history లో పాతది దొరుకుతుంది.

పది నిమిషాలకు ఎనిమిది స్లైడ్లు చాలు. అందులో ఒక్క స్లైడ్ ఎలా చేయాలో చెబుతాను, మిగతావి మీరే చేసుకోగలరు. మీ లెక్కలో 40 ఇళ్లలో 26 ఇళ్లు నెలకు 200 రూపాయల లోపే పొదుపు చేస్తున్నాయనుకుందాం. శీర్షికలో ‘పొదుపు వివరాలు’ అని పెట్టకండి. ‘40 ఇళ్లలో 26 ఇళ్ల పొదుపు నెలకు 200 లోపే’ అని అసలు విషయమే రాయండి. శీర్షిక కింద పెట్టడానికి Insert మెనూలో Chart, అందులో Column ఎంచుకోండి. దానికి తోడుగా ఒక షీట్ వస్తుంది, అందులో మీ అంకెలు వేసి, స్లైడ్ మీదికి వచ్చి Update నొక్కండి. ఆ స్లైడ్‌లో ఇంకేమీ వద్దు. అక్షరాలు 24 సైజుకు తగ్గనివ్వకండి, వెనక బెంచీలో కూర్చున్న ఎగ్జామినర్‌కూ కనపడాలి. ఒక్క మాట గుర్తుంచుకోండి: పవర్‌పాయింట్ ఫైలుగా దింపినప్పుడు ఈ చార్ట్ బొమ్మగా మారిపోతుంది. అంకె తప్పు పడితే గూగుల్ స్లైడ్స్‌లోనే దిద్ది మళ్లీ దింపుకోవాలి.

అసలు చిక్కు తెలుగు అక్షరాలతో వస్తుంది. ఫాంట్ల జాబితాలో More fonts లోకి వెళితే మండలి, రామభద్ర లాంటి మంచి తెలుగు ఫాంట్లు కనిపిస్తాయి. మీ స్క్రీన్ మీద బాగుంటాయి కూడా. ఫైలు దింపి కాలేజీ కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఆ ఫాంట్ అక్కడ ఉండదు కాబట్టి విండోస్ తనకున్న ఇంకో ఫాంట్ వేస్తుంది, ఎక్కువగా నిర్మలా యూఐ. దాని వెడల్పు వేరు. ఒక వరుసలో ఉన్న శీర్షిక రెండు వరుసలై చార్ట్ మీద ఎక్కుతుంది. అందుకే ప్రతి పెట్టెలో మూడో వంతు ఖాళీ వదలండి. పీడీఎఫ్‌లో ఈ గొడవ ఉండదు, ఫాంట్ దాంతోపాటే వెళుతుంది. ఇంకో సంగతి: సర్వే ప్రశ్నాపత్రం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైప్ చేయించి ఉంటే, అందులోంచి కాపీ చేసి స్లైడ్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అది యూనికోడ్ కాదు. ఆ నాలుగు వాక్యాలూ ఫోన్ కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవడమే తేలిక.

ఇక కాన్వా. ఫోన్‌లోనే పోస్టర్ చేయాలంటే దాన్ని మించింది లేదు, ముందుముందు మీ కాలేజీ ఫెస్ట్‌కు తప్పకుండా వాడండి. మీ పని వేరు. కాన్వా టెంప్లేట్‌లు పెద్ద ఫొటో, నాలుగు మాటలు ఉండే స్లైడ్లకు సరిపోయేలా ఉంటాయి. మీవి సర్వే అంకెలు. కిరీటం గుర్తున్న బొమ్మ ఒక్కటి పెట్టినా దింపేటప్పుడు డబ్బులు అడుగుతుంది. అక్కణ్నుంచి పవర్‌పాయింట్‌గా దింపితే ఫాంట్లు, అమరిక చెదిరే అవకాశం ఎక్కువ. ఇష్టంగా ఉంటే మొదటి స్లైడ్ వెనక బొమ్మ ఒక్కటి అందులో చేసి, పీఎన్‌జీగా దింపి ఇక్కడ పెట్టుకోండి.

రేపు రాత్రికల్లా ఆపేసి File, Download, Microsoft PowerPoint ఒకసారి, PDF Document ఒకసారి దింపండి. రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసి, మీ మెయిల్‌కూ పంపుకోండి. వైవాకు అరగంట ముందు ఆ గది కంప్యూటర్‌లోనే పవర్‌పాయింట్ ఫైలు తెరిచి, F5 నొక్కి ఎనిమిది స్లైడ్లూ తిప్పి చూడండి. ఒక్క శీర్షికైనా పక్కదాని మీద ఎక్కి కనిపిస్తే అక్కడ కూర్చుని దిద్దకండి, పీడీఎఫ్‌నే తెరిచి ఫుల్ స్క్రీన్ పెట్టండి. అడోబీ రీడర్ అయితే Ctrl+L, బ్రౌజర్ అయితే F11.

వైవా అయిపోయాక ఈ ఫైలునే ల్యాబ్‌లో పవర్‌పాయింట్‌లో తెరిచి, View లో Slide Master ఏమిటో ఒక గంట చూడండి. బీకాం తర్వాత ఆఫీసులో చేరితే కొత్త స్లైడ్లు చేయమనడం తక్కువ. పోయిన నెల ఫైలు పంపి అంకెలు మార్చమంటారు, అది దాదాపు ఎప్పుడూ పవర్‌పాయింట్ ఫైలే అయి ఉంటుంది.