బిల్లు కింద రౌండ్ ఆఫ్ పైసలు: ఏ ఖాతాలో రాయాలి, జీఎస్టీకి అడ్డొస్తాయా?

ప్రశ్న: "మాది ఒంగోలులో గ్రానైట్, టైల్స్ షాపు. చీమకుర్తి నుంచి వచ్చే బిల్లుల కింద 'రౌండ్ ఆఫ్' అని 45 పైసలో 30 పైసలో తీసేసి, ఒక్కోసారి కలిపి ఉంటోంది. దీన్ని కొనుగోలులో కలిపేయాలా, వేరే ఖాతాలో రాయాలా? జీఎస్టీలో తేడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది."

కొనుగోలులో కలపొద్దు, పన్నులోనూ కలపొద్దు. Round Off అని ఒక ఖాతా పెట్టి అందులో రాయండి. ఇలా చేస్తే జీఎస్టీలో ఏ తేడా రాదు.

నేను చీమకుర్తిలో ఒక పాలిషింగ్ యూనిట్ లెక్కలు రాస్తాను. అంటే మీకు బిల్లు వేసే వైపు మనిషిని. మా సరుకంతా అడుగుల లెక్క, స్లాబ్ కొలతలు ఎప్పుడూ నిండు అంకెల్లో ఉండవు కాబట్టి పైసలు రాని బిల్లు మా దగ్గర అరుదు. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కాకుండా పోయాయి. అర్ధ రూపాయి ఇప్పటికీ చెల్లుతుంది కానీ తీసుకునే షాపు చూపించండి! అందుకే మొత్తాన్ని దగ్గరి రూపాయికి సర్దుతాం. 50 పైసలు, ఆ పైన ఉంటే పై రూపాయికి, తక్కువైతే కింది రూపాయికి.

ఒక బిల్లు తీసుకుందాం. 412.75 అడుగులు, అడుగు రూ. 87.50. సరుకు విలువ 36,115.63. దాని మీద సీజీఎస్టీ 9 శాతం 3,250.41, ఎస్జీఎస్టీ కూడా అంతే. మొత్తం 42,616.45. బిల్లు 42,616కి వేస్తాం, రౌండ్ ఆఫ్ దగ్గర మైనస్ 0.45 కనిపిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది వరుస. సరుకు విలువ, పన్నులు పైసలతో సహా అలాగే ఉన్నాయి. అన్నీ కూడాక చివర్లో మాత్రమే సర్దాం. పన్ను పడే విలువకు, ఈ 45 పైసలకు సంబంధం లేదు.

మీ పుస్తకంలో కొనుగోలుకు 36,115.63, రెండు పన్నులకు 3,250.41 చొప్పున డెబిట్ వేయండి. సరుకు ఇచ్చినవాళ్ల ఖాతాకు 42,616, Round Offకి 0.45 క్రెడిట్. మా పుస్తకంలో ఇదే 45 పైసలు డెబిట్‌గా పడతాయి, ఎందుకంటే మేం వదులుకున్నది మీకు మిగిలింది. పైకి సర్దిన బిల్లు అయితే మీకు డెబిట్, మాకు క్రెడిట్. ఖర్చుకొకటి, ఆదాయానికొకటి అని రెండు ఖాతాలు పెట్టక్కర్లేదు. ఒకే ఖాతాలో రెండు వైపులా పడనివ్వండి, సంవత్సరం చివర మిగిలిన నికర మొత్తం లాభనష్టాల ఖాతాలోకి పోతుంది.

టాలీలో అయితే ఈ లెడ్జర్‌ని Indirect Expenses కింద తెరిచి, Type of Ledger దగ్గర Invoice Rounding, పద్ధతి Normal Rounding, Rounding limit 1 పెట్టండి. దీనికి జీఎస్టీ వర్తించకుండా చూసుకోండి. బిల్లు ఎంట్రీలో పన్నుల లెడ్జర్ల తర్వాతే దీన్ని ఎంచుకోవాలి. ముందు ఎంచుకుంటే పన్ను పడకముందే సరుకు విలువని సర్దేస్తుంది, ఆ తర్వాత పన్ను కలిసేసరికి మళ్లీ పైసలు మొదటికొస్తాయి.

ఇప్పుడు మీ జీఎస్టీ టెన్షన్ సంగతి. అసలు చిక్కు రౌండ్ ఆఫ్‌తో రాదు, దాన్ని తప్పించుకోబోయి పన్నుని సర్దేయడంతో వస్తుంది. నెల్లూరు వైపు మా సరుకు తీసుకునే ఒక షాపులో గుమాస్తా ప్రతి బిల్లుకీ పన్నులో పైసలు వదిలేసేవాడు. పైన చెప్పిన బిల్లునే తీసుకుంటే, 3,250.41కి బదులు రెండు చోట్లా 3,250 కొట్టాడనుకోండి. మొత్తం 42,615.63 అవుతుంది. సాఫ్ట్‌వేర్ దానికి 37 పైసలు కలిపి 42,616 చేసేస్తుంది. చూశారా, బిల్లు మొత్తం కరెక్టుగా కుదిరింది! మా ఖాతాకీ వాళ్ల ఖాతాకీ బ్యాలెన్స్ సరిపోతుంది, చెక్కు సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ మేం జీఎస్టీఆర్-1లో పెట్టింది 3,250.41 కాబట్టి వాళ్ల 2బీలోకి అదే వస్తుంది. 82 పైసల తేడా డబ్బుగా చూస్తే ఏమీ లేదు. కానీ ప్రతి బిల్లూ ఇలాగే ఉంటే 2బీతో సరిచూసే రోజున తేడాల జాబితా నిండా పైసలే కనిపిస్తాయి, అసలు వదిలేసిన బిల్లు ఏదో వాటి మధ్యన పోతుంది. ఆ షాపులో జరిగింది అదే. వాళ్లు మొత్తమే ఎక్కించుకోని ఒక బిల్లు ఆ పైసల జాబితాలో కలిసిపోయి రెండు నెలలు దొరకలేదు.

దీన్ని పట్టుకోవడం తేలికే. బిల్లు కాగితం మీద రౌండ్ ఆఫ్ మైనస్ 0.45 అని ఉంటే, మీ ఎంట్రీలో కూడా అదే అంకె, అదే దిశలో రావాలి. ప్లస్ 0.37 వచ్చిందంటే పైన ఎక్కడో ఒక అంకె తప్పు కొట్టారని అర్థం. మొత్తం కుదిరిందా అని మాత్రమే చూడొద్దు. ఒకవేళ సరఫరాదారే పన్నుని నిండు రూపాయలకు సర్ది బిల్లు వేస్తే, మీరు సొంతంగా లెక్కగట్టకుండా బిల్లులో ఉన్న పన్నే తీసుకోండి.

ఇ-ఇన్‌వాయిస్ వేసేవాళ్లు (టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు) దీన్ని ఇంకా స్పష్టంగా చూడొచ్చు. అందులో రౌండ్ ఆఫ్‌కి వేరే గడే ఉంది:

```
"AssVal": 36115.63,
"CgstVal": 3250.41,
"SgstVal": 3250.41,
"RndOffAmt": -0.45,
"TotInvVal": 42616.00
```

జీఎస్టీ చట్టం సెక్షన్ 170 ప్రకారం పన్నుని దగ్గరి రూపాయికి సర్దాలి కదా అని కొందరు అడుగుతారు. ఆ సెక్షన్ ప్రభుత్వానికి కట్టాల్సిన మొత్తం గురించి. మీకూ నాకూ మధ్య బిల్లు ఎంతకి వేసుకోవాలన్నది అందులో లేదు. 3బీ కట్టేటప్పుడు పన్ను ఖాతాలో మిగిలే పైసల్ని మాత్రం ఒక జర్నల్ ఎంట్రీతో ఇదే Round Offకి మార్చేయొచ్చు.

ఇంకొక జాగ్రత్త. ఈ ఖాతా పేరు చూసి జనం చిన్నాచితకా తేడాలన్నీ ఇందులో పడేస్తారు. మీరు 42,616 బిల్లుకు 42,600 ఇచ్చి "16 వదిలేయండి" అంటే అది రౌండ్ ఆఫ్ కాదు, మా వైపు డిస్కౌంట్. బ్యాంకు చార్జీ 11.80 కూడా ఇక్కడికి రాకూడదు. నెలకోసారి ఈ లెడ్జర్ తెరిచి చూడండి. రూపాయికి సర్దిన బిల్లుల్లో 50 పైసలు దాటిన ఎంట్రీ ఉండడానికి వీల్లేదు. ఒక్కటి కనిపించినా ఆ వోచర్ తెరిచి చూడాల్సిందే, తొంభై శాతం అది వేరే ఖాతాకు చెందిన డబ్బే అయ్యుంటుంది.

స్లాబ్‌లు పగిలి సరుకంతా వెనక్కి పంపి, మేం పూర్తి బిల్లుకు క్రెడిట్ నోట్ ఇస్తే, ఆ 45 పైసల్ని కూడా తిప్పి రాయండి, అంటే ఈసారి మీకు డెబిట్. అలా చేస్తేనే మా పేరు మీద మీ ఖాతా సున్నాకి వస్తుంది. కొన్ని స్లాబ్‌లే వెనక్కి వస్తే పాత 45 పైసల్ని పంచే పని పెట్టుకోవద్దు, క్రెడిట్ నోట్ మొత్తానికి కొత్తగా ఎంత రౌండ్ ఆఫ్ వస్తే అంతే రాయండి.