నేను లేకపోయినా ఇల్లు నడిచిందట

మేడమ్, నాకు 34 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. బీకామ్ చేసి కొన్నేళ్లు అకౌంట్స్‌లో పనిచేశాను, పాప పుట్టాక మానేశాను. బాబు మూడో తరగతి, పాప ఎల్‌కేజీ. అత్తయ్యగారు మా దగ్గరే ఉంటారు. ఈమధ్య మూడు రోజులు జ్వరంతో లేవలేకపోయాను. బయటి నుంచి తెప్పించుకుని తిన్నారు, పిల్లలు స్కూలుకి వెళ్లొచ్చారు. నేను లేచాక మా ఆయన "చూశావా, నువ్వు లేకపోయినా ఇల్లు నడిచింది, అనవసరంగా టెన్షన్ పడతావు" అన్నారు. ఆయన మంచి మనిషే. పని చెబితే చేస్తారు కూడా. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఎవరితోనైనా చెప్పుకుంటే "నీకేం తక్కువ" అంటున్నారు. నేను చేసేది ఎవరికీ కనిపించదా?

అమ్మా, నాలుగో రోజు మీరు ఏం చేశారో రాయలేదు. ఇలా జ్వరం నుంచి లేచి వచ్చిన ఆడవాళ్లను నేను తప్పకుండా అడిగే ప్రశ్న అదే, జవాబులు కూడా దాదాపు ఒకేలా వస్తాయి. వాషింగ్ మెషిన్ పక్కన గుట్టగా బట్టలు, బాబు డైరీలో ఎవరూ చూడని నోటు, అయిపోయిన పాల కూపన్లు, అత్తగారి బీపీ మాత్రల స్ట్రిప్పులో మిగిలిన రెండు మాత్రలు. ఆ మూడు రోజులూ ఇల్లు నడిచింది నిజమే, కానీ అంతకు ముందు వారం మీరు తెచ్చిపెట్టినవాటి మీద, ఉతికి మడతపెట్టిన యూనిఫాంల మీద నడిచింది. మీ ఆయనకు అది తెలియదు, ఎందుకంటే ఆ పని ఆగిపోయిన రోజు ఏమీ జరగదు. నాలుగైదు రోజుల తర్వాత జరుగుతుంది, అప్పటికి మీరు లేచి సర్దేస్తారు. ఆయనకు ఆ లోటు కంటపడే అవకాశమే రాలేదు.

సోమవారం పొద్దున ఇడ్లీ తీసుకోండి. ప్లేటులో పెట్టి ఇచ్చారు, తిన్నారు, పావుగంట పని. కానీ ఆ ఇడ్లీ ఆదివారం మధ్యాహ్నమే మొదలైంది. పప్పు నాలుగైదు గంటలు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పిండి పులియాలి, చలికాలమైతే ఇంకాస్త ముందే రుబ్బి పెట్టుకోవాలి. దానికీ ముందు, శనివారం కొట్టుకి వెళ్లినప్పుడే మినప్పప్పు అడుగంటిందని మీకు గుర్తుండాలి. నానబెట్టడానికి రెండు నిమిషాలు చాలు, కానీ ఆదివారం చుట్టాలు వచ్చినా, పాప ఏడుస్తున్నా, మీరు నిద్రపోతున్నా ఆ సంగతి మీ బుర్రలో ఒక మూల తిరుగుతూనే ఉంటుంది. చేతులతో చేసే పని ఎవరైనా చూస్తారు. ఈ తిరిగే పని మీకు తప్ప ఎవరికీ కనిపించదు.

ఆలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో దంపతులతో మాట్లాడి 2019లో దీన్ని బాగా విడమరిచి రాశారు. ఇంటి పనుల్లో బుర్ర చేసే పని నాలుగు ముక్కలు: ఏం కావాల్సి వస్తుందో ముందే పసిగట్టడం, దారులు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, తర్వాత అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయించే దగ్గర మొగుడూ పెళ్లాలు ఇద్దరూ ఉంటున్నారట. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. మన ఇళ్లలోనూ అంతే కదా, ఏ స్కూల్లో వేయాలన్నది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు, ఆ స్కూలు ఫారాలు ఎప్పుడిస్తారో, టీసీ ఎప్పుడు తెచ్చుకోవాలో తల్లే గుర్తు పెట్టుకుంటుంది.

లెక్కలు కూడా దీన్ని పట్టుకోవడం లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనులకు ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, అసలు ఆ పనులు చేసే మగవాళ్లు కూడా 88 నిమిషాలే పెడుతున్నారని తేలింది. తేడా చాలా పెద్దదే, అయినా అది అరగంట అరగంటగా ఏం చేశారని అడిగి రాసుకున్న లెక్క. గిన్నెలు తోముతూ పాప టీకా తేదీ గుర్తు చేసుకుంటే అక్కడ గిన్నెలు తోమడమే పడుతుంది.

ఇక మీ ఆయన సంగతి. "పని చెబితే చేస్తారు" అని మీరు మెచ్చుకుంటూ రాశారు, నాకు మీ ఉత్తరంలో అసలు చిక్కంతా అక్కడే కనిపించింది. చెప్పడం కూడా ఒక పనే, పైగా బరువైనది అదే. పసిగట్టింది మీరు, చెప్పింది మీరు, అయిందా అని చూసేది మీరు, మధ్యలో వెళ్లి తెచ్చింది ఆయన. దానికి ఆయన సాయం చేశానని అనుకుంటారు, మీరు కూడా థాంక్స్ చెబుతారు. అందుకే ఆయన ఎంత చేసినా మీకు తేలిక కావడం లేదు.

చాలామంది ఇలాంటప్పుడు తాము చేసే పనులన్నీ కాగితం మీద రాసి మొగుడి ముందు పెడతారు. మీరు ఆ పని చేయకండి. ఆయన కూడా ఈఎంఐ, ఆఫీసు, ట్రాఫిక్, మేనేజరు అని తన జాబితా తీస్తారు, ఎవరి కష్టం పెద్దదో తేల్చుకోవడంలో ఆదివారం పోతుంది. ఒక పనిని, ఒక్కదాన్నే, మొదలు నుంచి చివరి దాకా, ఆ నాలుగు ముక్కలతో సహా ఆయనకు అప్పగించండి. మీ ఇంట్లో అయితే బాబు స్కూలు వ్యవహారం ఇవ్వమంటాను. అందులో ప్రతి వారం ఏదో ఒకటి ఉంటుంది, తప్పు జరిగినా ఎవరి ప్రాణం మీదకీ రాదు. మందులు, చిన్నపిల్ల జ్వరం లాంటివి మాత్రం ఇలా ప్రయోగానికి పెట్టకూడదు.

అప్పగించడం అంటే స్కూలు వాట్సాప్ గ్రూపులో మీ నంబరు తీయించి ఆయన నంబరు పెట్టించడం. ఇది చేయకపోతే మిగతాదంతా వృథా, ఎందుకంటే మెసేజ్ మీకొస్తే గుర్తు చేసే పని మళ్లీ మీదే. డైరీ చూడడం, టైమ్‌టేబుల్ ప్రకారం సంచి సర్దించడం, పీటీ రోజు తెల్ల బూట్లు, ఫీజు తేదీ, పేరెంట్స్ మీటింగ్, ప్రాజెక్టుకి చార్టులు, అన్నీ ఆయనవే. మొదలుపెట్టే ముందు ఎంత చేస్తే చాలో ఇద్దరూ ఒప్పుకోండి. అట్టలు నీట్‌గా వేయకపోయినా ఫర్వాలేదు, హోంవర్క్ మాత్రం పడుకునేలోపు అయిపోవాలి, ఇలా. ఆరు వారాలు అనుకోండి. అలవాటు మారడానికి అంత టైమ్ ఇవ్వాలి.

మొదటి వారం ఆయన ప్రతిదీ మిమ్మల్నే అడుగుతారు. తెల్ల బూట్లు ఎక్కడ, గ్లూ ఎక్కడ, మేడమ్ పేరేంటి. ఒక్కసారి చెప్పండి, రెండోసారి "మీరే చూడండి" అనండి, కోపంగా కాదు, మామూలుగా. రెండో వారమో మూడో వారమో ఒకటి తప్పుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు బాబు "రేపు చార్టు తీసుకురమ్మన్నారు" అంటాడు. మీకు అల్మారా పైన దాచిన చార్టు ఉందని తెలుసు, చేయి దానంతటదే వెళ్తుంది. వెళ్లనివ్వకండి. ఆయన బండేసుకుని తిరుగుతారు, దొరికితే దొరుకుతుంది, లేదంటే బాబు డైరీలో ఒక నోటు పడుతుంది. మూడో తరగతిలో ఒక నోటు వల్ల ఏ పిల్లాడి జీవితమూ పాడవదు. ఆ రాత్రి మీరు చార్టు తీసి ఇచ్చారంటే ఆ ఇల్లు మళ్లీ దానంతటదే నడిచినట్టే ఆయనకు అనిపిస్తుంది.

అత్తగారు ఏదో ఒకటి అంటారు, "మగాడు ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తే ఈ పనులా" అని. ఆ మాటకు జవాబు మీరు చెప్పకూడదు, ఆయన చెప్పాలి. ఈ సంగతి ముందే ఆయనతో మాట్లాడుకోండి, లేకపోతే ఇది అత్తాకోడళ్ల గొడవగా మారిపోయి అసలు విషయం మరుగున పడుతుంది.

పని నిజంగా మారిందా లేదా అన్నది మీ బుర్రను బట్టి తెలుస్తుంది. గురువారం పీటీ అన్న సంగతి బుధవారం రాత్రి మీకు తట్టకపోతే మారినట్టు. ఆరు వారాల తర్వాత కూడా "ఫీజు కట్టారా" అని మీరే అడుగుతుంటే మారలేదు, అప్పుడు ఇంకా చిన్న పని, గ్యాస్ బుకింగూ వాటర్ క్యానులూ లాంటిది, ఇచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

డబ్బు గురించి మీరు అడగలేదు గాని నేను చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు చిన్నబోవడంలో సగం అక్కడుంటుంది. 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక జంట కేసులో సుప్రీంకోర్టు 2021 జనవరిలో తీర్పు ఇస్తూ, ఇల్లాలి పనికి విలువ కట్టి పరిహారం లెక్కించాల్సిందేనని చెప్పింది. మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో దీని గురించి విడిగా రాశారు. నాకు ఆ తీర్పు చదివితే సంతోషమూ వేసింది, బాధా వేసింది, మనిషి పోయాక కట్టే లెక్క కదా అది. బతికున్నప్పటి మాట 2024 జులైలో వచ్చింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక భరణం కేసులో జస్టిస్ నాగరత్న, భర్తలు ఇంట్లో ఉండే భార్యలతో జాయింట్ ఖాతా తెరవాలని, ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచాలని అన్నారు. అది ఆదేశం కాదు, దాన్ని చూపించి ఎవరినీ నిలదీయలేరు. కానీ మీ ఇంట్లో ఈ రెండూ లేకపోతే అడగడానికి మొహమాటపడకండి. ఇంటి ఖర్చు డబ్బు వేరు, మీ డబ్బు వేరు. నెలకు ఇంత అని మీ సొంత ఖాతాలో పడాలి, దేనికి వాడారని ఎవరూ అడగకూడదు. ఎంత అన్నది మీ ఇంటి రాబడిని బట్టి, అకౌంట్స్ చేసిన మనిషి కాబట్టి ఆ లెక్క మీరే బాగా వేయగలరు.

ఒక జాగ్రత్త. పని చేయబుద్ధి కావడం లేదన్నారు. అది రెండు వారాలు దాటి ఉంటే, నిద్ర పట్టకపోవడమో, ఆకలి తగ్గడమో, పిల్లల దగ్గర కూడా సంతోషం లేకపోవడమో తోడై ఉంటే అది ఒట్టి అలక కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలని ఒక్కసారి అనిపించినా ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి.

మీ ఆయనతో మాట్లాడటం ఆఫీసు నుంచి వచ్చిన వెంటనే వద్దు, సెలవు రోజు టిఫిన్ అయ్యాక కూర్చోండి. జ్వరం మాటతో మొదలుపెట్టకండి, ఆయన సంజాయిషీలోకి దిగుతారు. "వచ్చే ఆరు వారాలు బాబు స్కూలు పూర్తిగా మీరు చూసుకోవాలి, నాకు గుర్తు చేసే పని కూడా ఉండకూడదు" అని నేరుగా అడగండి. కుదరదు అంటే ఎందుకని అడగండి. ఆఫీసు టైమింగ్స్ వల్లయితే వేరే పని ఎంచుకోండి, రాత్రిపూట చేసుకోగలిగేది. ఆ పనులు ఆడవాళ్లవే అన్నది ఆయన అభిప్రాయమైతే, అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలి, ఆయన రానంటే మీరొక్కరే వెళ్లండి.