కొత్త ఆట కనిపెట్టమంటే పిల్లలు ఏం రాస్తారంటే

అమ్మాయీ,

ఎనిమిదో తరగతి పిల్లలతో సొంతంగా ఒక ఆట తయారు చేయించి, నియమాలు, సామగ్రి, జాగ్రత్తలు రాయించి మార్కులు వేయాలని నీ ఉత్తరంలో రాశావు. ఇరవై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా ఉండి నేనూ ఈ పని నాలుగైదుసార్లు చేయించాను. మొదటిసారి చెడగొట్టాను కూడా. "మీకు నచ్చిన ఆట కనిపెట్టండ్రా" అని వదిలేస్తే, ఎనిమిది గ్రూపుల్లో అయిదు కబడ్డీకే పేరు మార్చి తెచ్చాయి.

అందుకే ముందు సామాను చేతిలో పెట్టు. రెండు పాత సైకిల్ టైర్లు, ఒక గుడ్డ బంతి, ముగ్గుపిండి. జట్టుకు ఆరుగురు చొప్పున రెండు జట్లు, పది నిమిషాల ఆట. ఇంతే ఇవ్వు. దీంతోనే ఆడాలి అనేసరికి బుర్రలు పనిచేయడం మొదలవుతుంది.

ఆ రోజే వాళ్లకు బాస్కెట్‌బాల్ కథ చెప్పు. 1891 చలికాలంలో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు హాలు లోపల ఆడుకునే ఆట ఒకటి తయారు చేయాల్సి వచ్చింది. చెక్క నేల మీద ఒకరినొకరు లాగి పడేసుకుంటే ఎముకలు విరుగుతాయి. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణే కదా పడేసేది అనుకుని, బంతితో పరుగెత్తకూడదని నియమం పెట్టాడు. గోలు నేలమీద ఉంటే బంతిని బలంగా విసురుతారు, అందుకని పది అడుగుల ఎత్తున పండ్ల బుట్టలు కొట్టించాడు. అంత ఎత్తుకు వేయాలంటే బంతిని మెల్లగా ఎగరేయాల్సిందే. మొత్తం రాసింది 13 నియమాలే. పిల్లలకు ఇందులో చూపించాల్సింది ఒకటి: దెబ్బలు తగలకుండా చూసేది చివరన అతికించిన జాగ్రత్తల పేజీ కాదు, ఆట నియమమే.

మా దగ్గర ఒక గ్రూపు ఆట గురించి చెబుతాను. మైదానం రెండు చివర్ల చెరో టైరు పడుకోబెట్టారు. బంతిని ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లి అవతలివాళ్ల టైరులో వేస్తే ఒక పాయింటు. పేరు గూటిబంతి. కాగితం మీద ముచ్చటగా ఉంది. నేను ఆ కాగితాన్ని వేరే గ్రూపుకిచ్చి ఆడమన్నాను. రాసినవాళ్లు పక్కన నిలబడి నోరు మెదపకూడదని షరతు.

రెండు నిమిషాల్లో ఆట ఆగిపోయింది. ఒకడు తాపీగా వెళ్లి తమ టైరులో రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. ఇక పాయింటు ఎలా వస్తుంది? కూడదని ఎక్కడా రాయలేదుగా! తర్వాత బంతి టైరులో పడి బయటికి ఎగిరింది. పాయింటా కాదా అని గొడవ. ఇంకాసేపటికి టైరు దగ్గర బంతి కోసం ఇద్దరు ఒకేసారి వంగారు, నుదుళ్లు ఠక్కున తగిలాయి. రాసినవాళ్లు అక్కడ గిలగిల్లాడిపోయారు. "సార్, మేం అనుకున్నది అది కాదు" అన్నారు. అనుకున్నది కాగితం మీద లేదని వాళ్లకే అర్థమైంది.

మర్నాటికి దిద్దుకొచ్చారు. టైరు చుట్టూ మీటరున్నర తాడుతో గుండ్రంగా గీత గీశారు. ఆ గీత లోపలికి ఏ జట్టువాళ్లూ కాలు పెట్టకూడదు, బంతి లోపల ఆగిపోతే రిఫరీ తీసి గీత బయట కాపలా జట్టుకు ఇవ్వాలి. టైరు లోపల నేలను తాకితే చాలు, తర్వాత ఎగిరినా పాయింటే. ఆ ఒక్క గీతతో టైరుకు అడ్డం నిలబడటమూ పోయింది, తలలు తగలడమూ పోయింది.

జాగ్రత్తల కింద "జాగ్రత్తగా ఆడవలెను" అని రాస్తే సున్నా వెయ్యి, మొహమాటపడకు. మన బళ్లో ఏముందో చూసి రాయాలి. బోరింగు దిమ్మె నుంచి హద్దు గీత మూడు మీటర్ల దూరంలో ఉండాలి, ఆటకు ముందు రాళ్లు ఎవరు ఏరాలి, గాజులు, చున్నీలు ఏం చేయాలి, దెబ్బ తగిలితే ఆట ఎవరు ఆపాలి, ఇలాగన్నమాట. సామగ్రిలోనూ అంతే. "బంతి" అంటే చాలదు, ఏ బంతి, ఎంత సైజు, అది దొరక్కపోతే బదులు ఏం వాడాలి?

మార్కులు ఇరవైకి అయితే నేను ఇలా వేసేవాణ్ణి: నియమాలకు ఎనిమిది, జాగ్రత్తలకు అయిదు, సామగ్రికి రెండు, మొదటి కాగితానికీ దిద్దిన కాగితానికీ తేడాకు అయిదు. అందుకే మొదటి కాగితం పారేయనివ్వకు, రెండూ కలిపి కుట్టించు. బాగా ఆడినవాడికి ఇందులో అదనపు మార్కు లేదు. దీని మీద తల్లిదండ్రులు ఒకరిద్దరు నాతో గొడవపడ్డారు, నీతోనూ పడతారు.

అయిదు పీరియడ్లు సరిపోతాయి. పొద్దున మొదటి పీరియడే అడుగు, మధ్యాహ్నం ఎండకు వద్దు. గీతలకు అటెండరు సున్నం ఇస్తానంటాడు. వద్దను, దుమ్ము లేచి కంట్లో పడితే మండిపోతుంది. ముగ్గుపిండే తెప్పించు.

మీ పెదనాన్న