దూరపు కుళాయిలో చన్నీళ్లు వస్తుంటే ముందు దగ్గరి రైజర్ చూడండి

ప్రశ్న: మా భవనంలో వేడినీళ్లు హీటర్ నుంచి బయల్దేరి మళ్లీ హీటర్‌కే తిరిగొచ్చే సర్క్యులేషన్ లూప్ ఉంది. పంపు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటుంది, హీటర్ దగ్గర రిటర్న్ పైపు ముట్టుకుంటే కాలుతోంది. అయినా చివరి వింగ్‌లో కుళాయి తిప్పితే మూడు నిమిషాలైనా చన్నీళ్లే వస్తున్నాయి. పంపు చిన్నదైంది, పెద్దది వేయాలి అంటున్నారు. వేయించమంటారా?

జవాబు:

ఇప్పుడే వేయించకండి. పెద్ద భవనాల ప్లంబింగ్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను, ఈ ఫిర్యాదు తరచూ వింటాను. రిటర్న్ పైపు కాలుతోందని మీరు రాసిన మాట చాలా ముఖ్యమైనది. పంపు నీళ్లు తిప్పుతోంది. కాకపోతే ఆ నీళ్లు మీ చివరి వింగ్ దాకా వెళ్లకుండా మధ్యలోంచే తిరిగి వచ్చేస్తున్నట్టున్నాయి.

ముందు ఒక బకెట్టు, ఒక వాచీతో తేల్చుకోవాల్సింది ఉంది. తెల్లవారుజామున, ఎవరూ నీళ్లు వాడకముందే, చివరి వింగ్‌లో వేడినీళ్ల కుళాయి మాత్రమే తిప్పి, వేడి తగిలేదాకా వచ్చిన నీళ్లన్నీ పట్టి కొలవండి. లూప్ నుంచి కుళాయికి వచ్చే కొమ్మ పైపులో నీళ్లు తిరగవు, కుళాయి తిప్పే వరకు అవి అక్కడే చల్లబడి ఉంటాయి. ఆ పైపు 15 మి.మీ.ది అయితే మీటరుకు పావు లీటరు కూడా పట్టదు, దాదాపు 0.15 లీటరే. పది మీటర్ల కొమ్మ ఉన్నా లీటరున్నర పోయేసరికి వేడి రావాలి. మూడు నిమిషాలు అంటున్నారు కాబట్టి, నిమిషానికి ఆరు లీటర్లు వచ్చే కుళాయిలో 18 లీటర్లు పోయినట్టు. లూప్ పైపు 28 మి.మీ.ది అయితే మీటరుకు అర లీటరు పైచిలుకు పడుతుంది. అంటే మీ లూప్‌లోనే దాదాపు ముప్పై మీటర్ల మేర నీళ్లు చల్లారి నిలబడి ఉన్నాయన్నమాట. బకెట్టులో రెండు లీటర్లే పడితే మాత్రం లూప్ బాగానే ఉన్నట్టు, తప్పు కొమ్మ పైపు పొడవుది. ఎంతసేపు వదిలినా వేడే రాకపోతే అది ఇంకో సమస్య, దాని గురించి చివర్లో చెబుతాను.

నేను చూసిన ఒక హాస్టల్ భవనం సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీది కూడా అలాంటిదే అనిపిస్తోంది.

హీటర్ ట్యాంకు కింద, బేస్‌మెంట్‌లో ఉంది. అక్కడి నుంచి ఒక మెయిన్ పైపు బయల్దేరి నాలుగు రైజర్లకు, అంటే అంతస్తుల గుండా పైకెళ్లే నిలువు పైపులకు నీళ్లిస్తుంది. ప్రతి రైజర్ పైకెళ్లి, పై అంతస్తులో సన్నటి రిటర్న్ పైపుగా మారి మళ్లీ కిందికొస్తుంది. నాలుగు రిటర్న్‌లూ కలిసి పంపులోకి, అక్కడి నుంచి ట్యాంకులోకి వెళతాయి. ట్యాంకు నుంచి నీళ్లు 60 డిగ్రీల వద్ద బయల్దేరుతున్నాయి, పంపు దగ్గరి థర్మామీటర్ 57 చూపిస్తోంది. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు. కానీ నాలుగో రైజర్ మీద ఉండేవాళ్లు రోజూ చన్నీళ్ల గురించి గొడవ పెడుతున్నారు.

నాలుగు రిటర్న్ పైపులూ కామన్ పైపులో కలిసేముందు ఒక్కోదాని మీద ఇన్సులేషన్ కొద్దిగా విప్పి, థర్మామీటర్ తీగను పైపుకు టేపుతో అంటించి, పైన మళ్లీ ఇన్సులేషన్ కప్పి చూశాం. అలా కప్పకపోతే గాలి తగిలి కొన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. వచ్చిన అంకెలు ఇవి: మొదటి రైజర్ 58.5, రెండోది 57, మూడోది 53, నాలుగోది 34.

ఈ అంకెల నుంచి ఎన్ని నీళ్లు ఎటు పోతున్నాయో లెక్కకట్టవచ్చు. ఇన్సులేషన్ ఉన్న పైపు మీటరుకు సుమారు 10 వాట్ల వేడి పోగొట్టుకుంటుంది అనుకోండి. ఒక్కో రైజర్‌కూ రానూపోనూ కలిపి 70 మీటర్ల పైపు ఉంది, కాబట్టి పోయే వేడి 700 వాట్లు. నిమిషానికి ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే 70 వాట్లు పోయినట్టు. అందుకని సూత్రం ఇంతే:

```
లీటర్లు/నిమిషం = వాట్లు ÷ (70 × డిగ్రీల తేడా)
```

మొదటి రైజర్‌లో తేడా డిగ్రీన్నరే, కాబట్టి అందులో నిమిషానికి 6.7 లీటర్లు తిరుగుతున్నాయి. రెండోదానిలో 3.3, మూడోదానిలో 1.4. నాలుగోది అప్పటికే చల్లగా ఉంది కాబట్టి దాన్నుంచి పోయే వేడి తక్కువ, 500 వాట్లు అనుకున్నా అందులోకి పావు లీటరు కంటే కొంచెం ఎక్కువ వెళుతోంది, అంతే. మొత్తం దాదాపు 12 లీటర్లు.

మరి అవసరం ఎంత? ప్రతి రైజర్‌లోనూ నీళ్లు 5 డిగ్రీలకు మించి చల్లబడకూడదు అనుకుంటే 700 ÷ 350, అంటే తలా 2 లీటర్లు. నాలుగింటికీ కలిపి 8. పంపు 12 ఇస్తోంది, అవసరం 8. చిన్న పంపు అనడానికి ఇక్కడ ఆస్కారమే లేదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, పంపు తోసే నీళ్లు కూడా అడ్డు తక్కువగా ఉన్న దారినే వెతుక్కుంటాయి. ఆ దారి దగ్గరి రైజర్. అక్కడి వేడినీళ్లే ఎక్కువగా తిరిగొచ్చి కలుస్తున్నాయి కాబట్టి కామన్ రిటర్న్ థర్మామీటర్ 57 చూపించింది. 34 డిగ్రీల నీళ్లు అందులో కలిసినా, ఆ కాసినివి ఏ మూలకు? అందుకే హీటర్ రూమ్‌లో ఒక్క థర్మామీటర్ చూసి లూప్ బాగుందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

ఇప్పుడు పెద్ద పంపు సంగతి. నాలుగో రైజర్‌లోకి పోయే పావు లీటరు చిల్లర 2 లీటర్లు కావాలంటే ప్రవాహం సుమారు ఏడు రెట్లు పెరగాలి. పైపులో ప్రవాహం ఎన్ని రెట్లు పెరిగితే ఒత్తిడి దాదాపు దాని వర్గమంత పెరగాలి, అంటే నలభై తొమ్మిది రెట్లు. అలాంటి పంపు ఎవరూ వేయరు. ఒత్తిడి రెట్టింపు చేసే పంపు వేస్తే అన్ని రైజర్లలోనూ ప్రవాహం 1.4 రెట్లు అవుతుంది, నాలుగోదానికి దక్కేది అర లీటరు లోపే. ఈలోగా మొదటి రైజర్ సన్నటి రిటర్న్‌లో నీళ్ల వేగం పెరిగిపోతుంది. రాగి పైపుల్లో వేడినీళ్లు సెకనుకు మీటరు దాటి నిరంతరం తిరిగితే మలుపుల దగ్గర లోపలి గోడ అరిగి, కొన్నేళ్లకు చిల్లులు పడతాయి. సమస్య తీరకపోగా లీకేజీ మిగులుతుంది.

చేయాల్సింది దగ్గరి దారులను బిగించడం. ప్రతి రిటర్న్ చివర, అందులోంచి పోయే నీళ్లను కావలసినంతకు తగ్గించే బ్యాలెన్సింగ్ వాల్వ్ ఉండాలి. ఆ హాస్టల్‌లో ఉన్నాయి కానీ అమర్చినప్పటి నుంచీ అన్నీ పూర్తిగా తెరిచే ఉన్నాయి. నీళ్ల వాడకం లేని వేళలో మొదటి రైజర్ వాల్వ్ సగం పైగా మూశాం. నీళ్లు నెమ్మదిగా తిరుగుతాయి, పైపులు కూడా వేడెక్కాలి, కాబట్టి ఒక్కసారి తిప్పాక గంటసేపైనా ఆగి మళ్లీ కొలవాలి. తర్వాత రెండోది, ఆపైన మూడోది. చివరిదాన్ని పూర్తిగా తెరిచే ఉంచాం. ఒకదాన్ని ముడితే మిగతావన్నీ మారతాయి, అందుకని వరస మొదటికి మళ్లీ వచ్చి సర్దాల్సి ఉంటుంది. ఇక్కడే చాలామందికి ఓపిక నశిస్తుంది. నాలుగు రిటర్న్‌లూ ఒకదానికొకటి డిగ్రీ, రెండు డిగ్రీల తేడాలోకి వచ్చేదాకా వదలకూడదు. చివరికి అన్నీ 54, 55 దగ్గర నిలబడ్డాయి. పంపును ఉన్న మూడు స్పీడుల్లో ఒక మెట్టు దించినా అవి ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

మీ దగ్గర మామూలు గేట్ వాల్వులు ఉంటే వాటితో ఈ పని కుదరదు. దాదాపు మూసేదాకా వాటిలో తేడా తెలియదు, మూతకు దగ్గరపడ్డాక కొంచెం తిప్పినా చాలా మారిపోతుంది. కొత్తగా కొనేట్టయితే థర్మోస్టాటిక్ బ్యాలెన్సింగ్ వాల్వులు వేయించమంటాను. రిటర్న్ వేడి పెట్టిన అంకెకు చేరగానే అదే మూసుకుంటూ వస్తుంది, నీళ్లు చల్లారితే తెరుచుకుంటుంది. దగ్గరి రైజర్లు వేడెక్కి వాటంతట అవే బిగుసుకుంటే, ఒత్తిడి దూరపువాటికి మిగులుతుంది. వాల్వ్ ముందు జాలీ తప్పనిసరి. సందు చాలా సన్నగా ఉంటుంది, ఉప్పునీళ్లు ఉన్నచోట సున్నం పేరుకుని పూడిపోతుంది.

బ్యాలెన్స్ చేసినా ఒక రైజర్ మొండికేస్తే మూడు చోట్ల చూడండి. ఆ రైజర్ తలమీద గాలి చేరి ఉండవచ్చు, పైన ఎయిర్ వెంట్ తెరిస్తే బుసబుసమంటూ బయటపడుతుంది. ఎవరో రిపేరు కోసం మూసిన వాల్వ్ మళ్లీ పూర్తిగా తెరవకపోయి ఉండవచ్చు. లేదా ఇన్సులేషన్ ఊడిపోయి ఉండవచ్చు. ఇన్సులేషన్ లేని పైపు మూడు నాలుగు రెట్ల వేడి పోగొట్టుకుంటుంది, అప్పుడు 2 లీటర్లు ఏ మూలకూ చాలవు.

ఇక ఎంతసేపు వదిలినా వేడి రాకపోవడం. చన్నీళ్ల పైపును చేత్తో తాకండి. అది గోరువెచ్చగా ఉంటే ఎక్కడో మిక్సర్ కుళాయిలోంచి చన్నీళ్లు, వేడినీళ్లు ఒకదాంట్లోకి ఒకటి దూరుతున్నట్టు. హ్యాండ్ షవర్ చివర ఆపి, మిక్సర్ తెరిచి వదిలేసిన బాత్రూమ్‌లో ఇదే జరుగుతుంది. ఒక్కో గదిలో మిక్సర్ కిందున్న రెండు యాంగిల్ వాల్వులూ మూస్తూ వెళితే, ఏ గది మూసినప్పుడు చన్నీళ్ల పైపు మళ్లీ చల్లబడిందో దొంగ అక్కడ దొరుకుతాడు. అలాంటి మిక్సర్లకు రెండు వైపులా, నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు వేయించాలి.

ఇంకో మాట. కరెంటు ఆదా అవుతుందని రాత్రిళ్లు పంపు ఆపమనీ, ట్యాంకు 50కి దించమనీ సలహాలు వస్తాయి. ఆ పని చేయకండి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదకరమైన న్యుమోనియా వస్తుంది. ట్యాంకు నుంచి 60, లూప్‌లో ఎక్కడా 50కి తగ్గకుండా ఉంచాలన్నది అందుకే. ఆ హాస్టల్ నాలుగో రైజర్‌లోని 34 డిగ్రీలు నన్ను కంగారుపెట్టింది స్నానాల గురించి కాదు, దీని గురించే. మీ చివరి వింగ్‌లో కూడా వేడి తిరిగి వచ్చాక, అక్కడి షవర్లన్నీ మనుషులు లేనప్పుడు, కిటికీలు తెరిచి, తుంపర్లు రేగకుండా షవర్ తల విప్పి కాసేపు వేడినీళ్లు వదిలిన తర్వాతే వాడకానికి ఇవ్వండి. ఆ నీళ్లు 60కి దగ్గరగా ఉంటాయి, చేయి పెట్టకండి. పిల్లలు, వృద్ధులు వాడే చోట కుళాయి దగ్గరే వేడి తగ్గించే మిక్సింగ్ వాల్వ్ పెట్టించండి.

నాలుగు రిటర్న్‌ల అంకెలు తీశాక ఇక్కడ రాయండి, ఏ వాల్వ్ ఎంత మూయాలో కలిసి చూద్దాం.